ఆ సీన్ ‘ఫ్రెండ్స్’లోదా, ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లోదా? తేల్చుకోవడం ఎలా

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా చెల్లి ఫోన్ చేసింది. “అన్నయ్యా, పెళ్ళి గౌనులోనే పారిపోయి వచ్చేస్తుంది చూడు ఒకమ్మాయి, అది ఏ సిరీస్? మా రూమ్మేట్ ఒకటంటోంది, నేనొకటంటున్నా” అంది. నేను తడుముకోకుండా ‘ఫ్రెండ్స్’, మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ అన్నాను. “కాదన్నయ్యా, బార్‌లోకి వస్తుంది. నాకు బాగా గుర్తు” అంది. అప్పుడు ఆగి ఆలోచించాను. తన రూమ్మేట్ చెప్పిందీ నిజమే, మా చెల్లి చెప్పిందీ నిజమే. అలాంటి సీన్ రెండు సిరీస్‌ల్లోనూ ఉంది.

ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడంలో మన తప్పేమీ లేదు. రెండూ అమెరికన్ కామెడీ సిరీస్‌లే, రెండూ న్యూయార్క్‌లోనే జరుగుతాయి. రెండింట్లోనూ ఇరవైల చివర్లోనో ముప్పైల మొదట్లోనో ఉన్న స్నేహితుల గుంపు ఉంటుంది, రోజూ సాయంత్రం చేరే ఒక అడ్డా ఉంటుంది, గుంపులోనే పెళ్ళాడే ఒక జంట ఉంటుంది, ఏళ్ళ తరబడి కలుస్తూ విడిపోతూ ఉండే ఇంకో జంట ఉంటుంది. ‘ఫ్రెండ్స్’ 1994 నుంచి 2004 దాకా నడిచింది. ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ 2005లో మొదలై 2014లో అయిపోయింది. ఇక మీదట దాన్ని ‘మదర్’ అనే అంటాను. చాలామంది మొదటిది ముగించి వెంటనే రెండోది మొదలుపెడతారు, కాబట్టి బుర్రలో రెండూ ఒకే కథలా అతుక్కుపోతాయి. ఇప్పుడు ఫోన్లో ముప్పై సెకన్ల ముక్కలు చూడడం అలవాటయ్యాక ఇది మరీ ఎక్కువైంది.

రెండూ చూడనివాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన మాట ఒకటి: కింద కథలోని ముఖ్యమైన మలుపులు కొన్ని బయటపడతాయి.

ముందుగా, దేన్ని నమ్మాలి

సీన్ ఏ సిరీస్‌దో చెప్పే గుర్తులు చాలా ఉన్నాయి గానీ అన్నింటికీ ఒకే బలం లేదు. కొన్ని కంటికి వెంటనే కనిపిస్తాయి, కానీ అప్పుడప్పుడు మోసం చేస్తాయి. కొన్నింటిని పట్టుకోవడానికి ఒకటికి రెండుసార్లు చూడాలి, కానీ దాదాపు తప్పవు. నేను చూసే నాలుగింటినీ ఇక్కడ పెడుతున్నాను.

| గుర్తు | ఫ్రెండ్స్ | మదర్ | ఎంతవరకు నమ్మొచ్చు |
|---|---|---|---|
| కూర్చునే చోటు | కాఫీ షాప్, నారింజ రంగు సోఫా | బార్, గోడ పక్కన బల్ల చుట్టూ సీట్లు | త్వరగా తెలుస్తుంది, మినహాయింపులున్నాయి |
| గుంపులో ఎందరు | ఆరుగురు | ఐదుగురు | అందరూ కనిపిస్తేనే పనికొస్తుంది |
| నవ్వులు | నటులు నవ్వు కోసం ఆగుతారు | మాట మీద మాట పడుతూ సాగిపోతుంది | శబ్దం ఉంటే మంచి గుర్తు |
| కథ చెప్పే తీరు | జరుగుతున్నది జరుగుతున్నట్టే | ఒక తండ్రి గొంతు వెనక నుంచి చెబుతుంది, కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది | అన్నింటికంటే గట్టిది |

సెల్‌ఫోన్ కూడా కొంత సాయం చేస్తుంది. చేతిలో సెల్ పట్టుకుని మెసేజ్ చూసుకోవడం, దాని మీదే కథ తిరగడం ‘మదర్’లో మామూలు. ‘ఫ్రెండ్స్’లో ఎక్కువగా ఇంట్లో ల్యాండ్‌లైన్, దాని పక్కన మాట రికార్డు చేసుకునే ఆన్సరింగ్ మెషిన్ కనిపిస్తాయి. అయితే బొమ్మ వెడల్పు చూసి పాతదా కొత్తదా అని తేల్చకండి. ‘ఫ్రెండ్స్’ మొదట పాత టీవీల చదరపు తెర కోసం వచ్చినా, తర్వాత వెడల్పు తెరకు సరిపోయేలా కొత్త ప్రింటు తయారు చేశారు. ఫోన్లో తిరిగే ముక్కల్ని ఎలాగూ నిలువుగా కోసేస్తారు.

కాఫీ, బీరు: సులువైన గుర్తు, దాని లోపం

ఎవరిని అడిగినా మొదట చెప్పే తేడా ఇదే. ‘ఫ్రెండ్స్’ వాళ్ళ అడ్డా సెంట్రల్ పెర్క్ అనే కాఫీ షాప్. మధ్యలో పెద్ద నారింజ రంగు సోఫా, చేతుల్లో వెడల్పాటి కప్పులు, కౌంటర్ వెనక తెల్లజుట్టు గంథర్. ‘మదర్’ వాళ్ళ అడ్డా మెక్‌లారెన్స్ అనే బార్. కథానాయకుడు టెడ్ ఉండే ఇల్లు సరిగ్గా దాని పైనే. కొంచెం చీకటిగా, గోధుమరంగు చెక్క గోడలతో ఉంటుంది. సోఫాలో వాలినట్టు కాకుండా బల్ల చుట్టూ ఒకరికొకరు ఇరుక్కుని కూర్చుంటారు.

పదిలో తొమ్మిదిసార్లు ఇది చాలు. ఆ పదోసారి మాత్రం సరదాగా ఉంటుంది, ఎందుకంటే రెండు సిరీస్‌లూ ఒకదాని అడ్డాలోకి ఇంకొకటి అడుగుపెట్టాయి. ‘ఫ్రెండ్స్’ మూడో సీజన్‌లో పాత రోజుల్లోకి వెళ్ళే ఎపిసోడ్ ఒకటుంది. అందులో సెంట్రల్ పెర్క్ ఇంకా కాఫీ షాప్ కాలేదు, బార్‌గానే ఉంది. దాన్ని మూసేసి కాఫీ షాప్ చేస్తారట అని తెలిసి వీళ్ళు బాధపడతారు. ‘మదర్’ రెండో సీజన్‌లో దీనికి అద్దం పట్టినట్టు ఇంకో సీన్. గుంపులోని మగవాళ్ళు ముగ్గురూ, అంటే టెడ్, మార్షల్, బార్నీ, కాఫీ షాప్‌లో కూర్చుని, కాఫీ షాప్‌లో కాలక్షేపం చేయడం బార్‌లో ఉన్నంత బాగాలేదు అని ఒప్పేసుకుంటారు. బార్నీ పేరును కప్పు మీద తప్పుగా ‘స్వార్లీ’ అని రాస్తారు, ఎపిసోడ్ అంతా వాడికి అదే పేరు అంటుకుంటుంది. కాబట్టి కప్పు కనిపించగానే ‘ఫ్రెండ్స్’ అని, గ్లాసు కనిపించగానే ‘మదర్’ అని తీర్పు ఇచ్చేయకండి. చోటుతోపాటు కనీసం ఒక మనిషినైనా గుర్తుపట్టాకే చెప్పండి.

బయటి అడ్డా కాకుండా ఇల్లు కనిపిస్తే ఇంకా సులువు. ఊదారంగు గోడలు, తలుపు మీద చూసే రంధ్రం చుట్టూ పసుపు ఫ్రేము ఉంటే అది మోనికా ఇల్లు. గోడ మీద అడ్డంగా పెట్టిన కత్తులు కనిపిస్తే అది టెడ్ ఇల్లు.

నవ్వు వినండి

నాకు అన్నింటికంటే ఇష్టమైన గుర్తు ఇది. బొమ్మ చూడకుండా వింటే కూడా చాలాసార్లు తెలిసిపోతుంది.

‘ఫ్రెండ్స్’ని కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో, స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందే తీసేవారు. అది దాదాపు నాటకమే. జోకు పడుతుంది, జనం నవ్వుతారు, ఆ నవ్వు తగ్గేదాకా నటులు ఆగాలి. ఆ ఆగడంలో వాళ్ళు ఊరికే నిలబడరు. చాండ్లర్ కనుబొమలు ఎగరేస్తాడు, ఫీబీ తల వంచి చూస్తుంది, రాస్ నోరు సగం తెరిచి అలాగే ఉండిపోతాడు. సీన్లో ఒక మనిషి మాట అయ్యాక ఇంకో మనిషి మాట మొదలవడానికి మధ్య ముఖంతో నటించే ఖాళీ కనిపిస్తే అది జనం ముందు తీసిందనడానికి మంచి సూచన. నాలుగో సీజన్ చివర లండన్ ఎపిసోడ్‌లో మోనికా దుప్పటిలోంచి తల బయటపెట్టినప్పుడు జనం వేసిన కేక వినండి. అది ఎడిటింగ్ గదిలో అతికించిన నవ్వులా ఉండదు. ఆశ్చర్యపోయిన మనుషుల అరుపు అది, ఎంతకీ ఆగదు, నటులు దాన్ని దాటుకుని రావాల్సొస్తుంది.

‘మదర్’లోనూ నవ్వులు వినిపిస్తాయి గానీ తీసేటప్పుడు అక్కడ జనం లేరు. ఉండటానికి వీల్లేదు కూడా. ఒక్క ఎపిసోడ్‌లో యాభై దాకా చిన్నచిన్న సీన్లు, అందులో గతం, ఊహ, రేపు జరగబోయేది అన్నీ కలిసి ఉంటాయి. జనాన్ని కూర్చోబెట్టి ఇన్నిసార్లు సెట్లు మార్చి తీయడం కుదరదు. అందుకే మూడు రోజులపాటు తీసి, ఎడిటింగ్ అయ్యాక ఆ ఎపిసోడ్‌ని ప్రేక్షకులకు వేసి చూపించి, వాళ్ళ నవ్వుల్ని రికార్డు చేసి కలిపారు. ఆ నవ్వు నిజమైనదే, కానీ నటులు దాన్ని వినలేదు. అందుకే వాళ్ళు ఆగరు. నవ్వు ఇంకా సాగుతుండగానే తర్వాతి మాట వచ్చేస్తుంది, లేదా సీనే మారిపోతుంది.

ఇందులోనూ జాగ్రత్త అవసరం. ‘ఫ్రెండ్స్’లో కూడా కథ బయటికి పొక్కకూడదనుకున్న సీన్లనూ, బయట తీసినవాటినీ కొన్నిసార్లు జనం లేకుండానే తీశారు. పైగా ఈ మధ్య కొందరు నవ్వు తీసేసి వెనక సంగీతం వేసి ముక్కలు పెడుతున్నారు. అలాంటప్పుడు నవ్వు వినపడదు గానీ ఖాళీ మాత్రం మిగిలే ఉంటుంది. మాట అయిపోయాక రెండు మూడు సెకన్లు ఎవరూ ఏమీ అనకుండా వింతగా ఒకరినొకరు చూసుకుంటుంటే, అక్కడ నవ్వు ఉండేదని అర్థం. దాన్ని ‘ఫ్రెండ్స్’ వైపు లెక్కేయండి.

ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు జరిగింది

గట్టి గుర్తు ఇదే. ‘మదర్’ మొత్తం 2030లో ఒక తండ్రి తన ఇద్దరు పిల్లల్ని సోఫాలో కూర్చోబెట్టి చెప్పే కథ. వినిపించే పెద్ద టెడ్ గొంతు బాబ్ సాగెట్‌ది. తెర మీద కనిపించే టెడ్ జాష్ రాడ్నర్. ఇద్దరివీ వేర్వేరు గొంతులు, చెవికి తేడా వెంటనే తెలుస్తుంది. ఆ గొంతు ఒక్క వాక్యం వినిపించినా ఇక ఆలోచించక్కర్లేదు.

గొంతు లేని ముక్కలో కూడా దాని జాడ ఉంటుంది. కథ చెప్పేవాడు తండ్రి కాబట్టి మర్చిపోతాడు, దాస్తాడు, దిద్దుకుంటాడు. కాలేజీలో గంజాయి తాగినట్టు పిల్లలకి చెప్పలేక దాన్ని శాండ్‌విచ్ అంటాడు. తెర మీద కూడా వాళ్ళ చేతుల్లో నిజంగానే పెద్ద శాండ్‌విచ్‌లే కనిపిస్తాయి. ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి పేరు గుర్తురాక ‘బ్లాబ్లా’ అంటాడు, మిగతావాళ్ళందరూ ఆమెని అదే పేరుతో పిలుస్తారు. ఇంట్లోకి మేక వచ్చిన గొడవ తన ముప్పయ్యో పుట్టినరోజున జరిగిందని చెప్పుకొచ్చి, చివర్లో కాదు, అది ముప్పై ఒకటోది అని సర్దుకుంటాడు. ఒకే సంఘటన ఇద్దరు చెబితే రెండు రకాలుగా కనబడినా, జరిగింది జరిగినట్టు కాకుండా చెప్పింది చెప్పినట్టు తెర మీదకి వచ్చినా అది ‘మదర్’ పద్ధతి.

అలాగని గతం కనిపించిన ప్రతి సీనూ ‘మదర్’ కాదు. ఇక్కడే తెలిసినవాళ్ళు కూడా తప్పులో కాలేస్తారు. ‘ఫ్రెండ్స్’ ఐదో సీజన్‌లో థాంక్స్‌గివింగ్ పండగ ఎపిసోడ్ ఉంది. అందులో అందరూ పాత పండగల గురించి చెప్పుకుంటారు, ఎనభైల నాటి జుట్టుతో, బట్టలతో చాండ్లర్, రాస్ కనిపిస్తారు. జోయీ తల టర్కీ కోడిలో ఇరుక్కుపోతుంది. తర్వాత చాండ్లర్‌ని నవ్వించడానికి మోనికా కూడా తల మీద టర్కీని బోర్లించుకుని, దానికి కళ్ళజోడు పెట్టి ఆడుతుంది. ‘మదర్’లోనూ థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్లు ఉన్నాయి, అక్కడ గుర్తుండేది చెంపదెబ్బ. పందెం గెలిచిన మార్షల్‌కి బార్నీని ఐదుసార్లు, తనకి నచ్చినప్పుడు కొట్టే హక్కు వస్తుంది. అందులో ఒకటి మూడో సీజన్ పండగరోజున పడుతుంది.

రెండింట్లో గతాన్ని వాడే తీరు చూస్తే తేడా తెలుస్తుంది. ‘ఫ్రెండ్స్’లో గతం ఒక పూర్తి కథ. గదిలో ఉన్నవాళ్ళు దాని గురించి మాట్లాడతారు, మనం అక్కడికి వెళ్తాం, అయ్యాక తిరిగి వస్తాం. ‘మదర్’లో గతం మాట మధ్యలోంచి ఐదు సెకన్లు తొంగి చూసి పోతుంది, మళ్ళీ వస్తుంది, ఎపిసోడ్ చివర్లో దాని అసలు అర్థం తెలుస్తుంది.

మా చెల్లి పెళ్ళికూతురు

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ దగ్గరికి వద్దాం. రెండు సీన్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గుర్తులు ఎలా పనిచేస్తాయో తెలుస్తుంది.

‘ఫ్రెండ్స్’ మొదటి ఎపిసోడ్. రాస్ విడాకుల దిగులుతో సోఫాలో కూర్చుని, నాకు మళ్ళీ పెళ్ళయి ఉంటే చాలు అంటాడు. ఆ మాట అనీ అనగానే తలుపు తోసుకుని రేచల్ వస్తుంది. బయట వాన, గౌను తడిసిపోయి ఉంటుంది. బారీ అనే అతన్ని పెళ్ళి చేసుకోవడం ఇష్టం లేక పెళ్ళికి కాస్త ముందు పారిపోయి వచ్చేసి, ఎటు వెళ్ళాలో తెలియక చిన్ననాటి స్నేహితురాలు మోనికాని వెతుక్కుంటూ వస్తుంది. ఆమె ఎవరో మిగతావాళ్ళలో చాలామందికి తెలియదు. అందరూ చుట్టూ చేరతారు. సీన్ మొత్తం ఆ ఒక్క గదిలోనే, ఆ ఒక్క సాయంత్రమే.

‘మదర్’ది 2012లో వచ్చిన ఏడో సీజన్ చివరి ఎపిసోడ్. వచ్చేది విక్టోరియా. ఆమె కొత్త మనిషి కాదు, మొదటి సీజన్‌లో టెడ్ ప్రేమించిన అమ్మాయి. టెడ్ ఫోన్ చేస్తే మెక్‌లారెన్స్‌కి పెళ్ళి గౌనులో వస్తుంది. ఆ రోజే ఆమె పెళ్ళి, వరుడి పేరు క్లాస్. టెడ్‌తో కలిసి కారులో వెళ్ళిపోతుంది. కథ అక్కడ ఆగదు. చీటీ కూడా రాయకుండా వచ్చేసిందని తెలిసి ఎనిమిదో సీజన్ మొదట్లో టెడ్ ఆ చీటీ పెట్టడానికి వెనక్కి వెళ్తాడు. అక్కడ తేలేదేమిటంటే పెళ్ళికొడుకు కూడా పారిపోయాడు.

మా చెల్లిని అడగాల్సిన ప్రశ్న ‘అది బారా, కాఫీ షాపా’ అని కాదు, ఎందుకంటే జ్ఞాపకం గదుల్ని సులువుగా మార్చేస్తుంది. “ఆ అమ్మాయి వచ్చింది గుంపు దగ్గరికా, ఒక్క అబ్బాయి దగ్గరికా?” అని అడిగాను. “ఒక్క అబ్బాయి దగ్గరికే. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోతారు” అంది. అంటే విక్టోరియా. రూమ్మేట్ మాత్రం వాన గురించి చెప్పిందట, అంటే రేచల్. సంఘటన ఒకలాగే ఉన్నా, దాని ముందు ఏముంది, వెనక ఏముంది అనేది ఎప్పుడూ ఒకలా ఉండదు.

మీ దగ్గర ఏముంది అన్నదాన్ని బట్టి

వీడియో ముక్క మీ దగ్గర ఉంటే ముందు చోటు, మనుషులు, తర్వాత నవ్వు చూడండి. అర నిమిషంలో తేలిపోతుంది. నటుల్ని గుర్తుపట్టగలిగితే గుంపులోవాళ్ళ కంటే అతిథులు ఎక్కువ సాయపడతారు. బ్రాడ్ పిట్, టామ్ సెలెక్, పాల్ రడ్ కనిపిస్తే ‘ఫ్రెండ్స్’. బ్రిట్నీ స్పియర్స్, టెడ్ బాసుగా బ్రయన్ క్రాన్‌స్టన్ కనిపిస్తే ‘మదర్’.

జ్ఞాపకం ఒక్కటే ఉంటే చోటుని నమ్మకండి. బంధాన్ని నమ్మండి. ఎవరు ఎవరికి ఏమవుతారు, దేని కోసం వచ్చారు అన్నది గదుల రంగుల కంటే ఎక్కువకాలం గుర్తుంటుంది.

క్విజ్ పెట్టేవాళ్ళైతే ఇంకా జాగ్రత్త పడాలి. “స్నేహితులకి కూడా ఇతను చేసే ఉద్యోగం ఏమిటో తెలియదు” అని ప్రశ్న రాస్తే రెండు సరైన జవాబులొస్తాయి. నాలుగో సీజన్‌లో ఇళ్ళ పందెం కట్టినప్పుడు చాండ్లర్ ఉద్యోగం చెప్పలేకే రేచల్, మోనికా ఓడిపోతారు. బార్నీని ఉద్యోగం అడిగితే ‘ప్లీజ్’ అని నవ్వి దాటేస్తాడు, అదే దాని పేరని తొమ్మిదో సీజన్‌లో గానీ తెలియదు. ప్రశ్నలో ఒక్క మాట కలపాలి: తెలియనిది వాళ్ళు పట్టించుకోకనా, అతను చెప్పకనా? పట్టించుకోకపోతే చాండ్లర్, చెప్పకపోతే బార్నీ.

అన్నింటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది మాత్రం ప్రొఫెసర్ సీన్. “మొదటిరోజు క్లాసులో కంగారుపడి పరువు పోగొట్టుకునే లెక్చరర్” అంటే సగంమంది రాస్ అంటారు, సగంమంది టెడ్ అంటారు. ‘ఫ్రెండ్స్’ ఆరో సీజన్‌లో రాస్ మొదటి లెక్చర్ టెన్షన్‌లో ఇంగ్లండ్ యాసలో మొదలుపెడతాడు, ఇక ఆపలేడు. చూడ్డానికి వచ్చిన మోనికా, రేచల్ కూడా అతన్ని ఆటపట్టిస్తారు, రేచల్ అయితే మన ఇండియా యాసలో బొంబాయి గురించి మాట్లాడుతుంది. 2009లో వచ్చిన ‘మదర్’ ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో టెడ్ ఆర్కిటెక్చర్ పాఠం హుషారుగా మొదలుపెడతాడు, తీరా చూస్తే అది ఎకనామిక్స్ క్లాసు. అదే గదిలో పిల్లల తల్లి కూర్చుని ఉందని వెనక గొంతు చెబుతుంది. నాలుగేళ్ళ తర్వాత, తొమ్మిదో సీజన్‌లో, ఆ క్లాసునే ఆమె కళ్ళతో మళ్ళీ చూపిస్తారు: తనే తప్పు గదికి వచ్చానేమో అనుకుని ఆమె పుస్తకాలు సర్దుకుంటుంది.